మార్చి ఎనిమిదికి పార్లరు వాళ్లకు ఉచిత సలహాలు

ఫిబ్రవరి ఇరవై దాటిందంటే బ్యూటీ పార్లరు నడిపేవాళ్లకు ఒకటే దిగులు. మార్చి 8కి ఏదో ఒకటి చేయాలి. పక్క వీధి పార్లరు ఫ్లెక్సీ కట్టేసింది. ఎదురు సందులో కొత్తగా పెట్టిన యూనిసెక్స్ సెలూన్ వాళ్లు ఇన్‌స్టాలో రీల్ వదిలారు. మనం ఒక్కళ్లమే ఊరుకుంటే ఏం బాగుంటుంది? కాబట్టి ఊరుకోకండి. పండగ ఆఫర్ల విషయంలో పార్లరులకు సలహాలిస్తూ బతుకుతున్నవాణ్ని కనుక, నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను. దీనికి మాత్రం ఫీజు లేదు.

మొట్టమొదట చేయాల్సింది, మీ దగ్గరికి వచ్చేది ఎవరో మర్చిపోవడం. వచ్చేవాళ్లు పదిహేను ఇరవై రోజులకోసారి ఐబ్రోస్‌కి, నెలకోసారి రూట్ టచప్‌కి వస్తారు. టైము చూసుకుని, డబ్బిచ్చి, పని చేయించుకుని వెళ్లిపోతారు. అంటే కస్టమర్లు. ఈ సంగతి ఫ్లెక్సీ మీద పొరపాటున కూడా కనిపించకూడదు. అక్కడ ఆవిడ అమ్మ కావాలి, ఆలి కావాలి, చెల్లెలు కావాలి, చివరికి ఆదిపరాశక్తి కావాలి. పది చేతుల బొమ్మ ఒకటి వేయించండి. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో లాప్‌టాప్, ఒక చేతిలో చంటిబిడ్డ. మిగతా చేతుల్లో ఏం పెట్టాలో ఫ్లెక్సీ షాపు కుర్రాడికి వదిలేయండి, వాడి కంప్యూటర్లో రెడీగా ఉంటుంది. రంగు గులాబీ. పది చేతులకూ కలిపి మానిక్యూర్ ఎంతవుతుందని ఎవరూ అడగరు లెండి.

కింద ఒక వాక్యం భర్తలకు రాయండి. "ఈ మహిళా దినోత్సవానికి మీ శ్రీమతికి అందాన్ని కానుకగా ఇవ్వండి" అంటే చాలు. ఆవిడ ఐదేళ్లుగా తన జీతంలోంచి తానే కట్టుకుంటోందన్న విషయం మీ బిల్లు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం బయటికి తీయకండి.

ఆ రోజు ఎందుకొచ్చిందో కూడా ఎవరికీ తెలియనివ్వకండి. 1910లో కోపెన్‌హాగెన్‌లో సోషలిస్టు మహిళల సభ జరిగితే, క్లారా జెట్కిన్ అనే ఆవిడా, ఆవిడతో ఉన్నవాళ్లూ ఏటా మహిళలకొక రోజు జరపాలని ప్రతిపాదించారు. 1917లో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు రొట్టె కోసం సమ్మె కట్టి వీధుల్లోకి వచ్చిన రోజు మన క్యాలెండరు ప్రకారం మార్చి 8. ఐక్యరాజ్యసమితి 1975 నుంచి జరపడం మొదలుపెట్టింది. ఇదంతా పనిగంటల గొడవ, కూలి గొడవ. మీ పార్లరులో పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసే అమ్మాయిలు చదివారంటే ఏమడుగుతారో చెప్పలేం. గులాబీ పువ్వే క్షేమం.

ఇక అసలు విషయం, డిస్కౌంటు. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే జారుతారు.

తేలిక మార్గం ఇది. మీ ఫేషియల్ ధర 1,200 అనుకుందాం. ఫిబ్రవరి చివరి వారంలో రేటు బోర్డు మార్పించి 2,000 చేయండి. మార్చి 8న దాన్ని ఎర్రగీతతో కొట్టేసి 40 శాతం తగ్గింపు అని రాయండి. లెక్క మళ్లీ 1,200కే వస్తుంది. మీకు రూపాయి నష్టం లేదు, ఆవిడకు 800 మిగిలిందన్న ఆనందం. ఒకే ఒక్క చిక్కుంది. జనవరిలో ఇదే ఫేషియల్‌కి తాను కట్టింది 1,200 అని ఆవిడ ఫోనులో యూపీఐ హిస్టరీ చూపిస్తుంది. చూపించి మిమ్మల్ని ఏమీ అనదు కూడా. నవ్వి ఊరుకుంటుంది. వాళ్ల అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఊరుకోదు.

ఇంతకంటే నాజూకైన మార్గం జీఎస్టీది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్, పార్లరు సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అంతకుముందు వెయ్యి రూపాయల పనికి బిల్లు 1,180 అయ్యేది, ఇప్పుడు 1,050. మీరు జీఎస్టీ కట్టే పార్లరే అయితే, ఇప్పటిదాకా ఈ తేడాను చప్పుడు చేయకుండా రేటులో కలిపేసుకుని, మార్చి 8న "మహిళామణులకు 11 శాతం ప్రత్యేక రాయితీ" అని బయటికి తీయండి. ప్రభుత్వం తగ్గించిన పన్నును మీ చేతి నుంచి ఇచ్చిన కానుకలా చూపించొచ్చు. ఐదు శాతం కట్టేవాళ్లకు కొన్న క్రీముల మీద, అద్దె మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, కాబట్టి ఖర్చు కొంత పెరిగిన మాట నిజమే. ఆ మాట నేరుగా చెప్పి రేటు ఎంతో రాసిపెడితే జనం అర్థం చేసుకుంటారు. అందుకే చెప్పకూడదు.

మరీ ధర్మబుద్ధి పుట్టి నిజంగానే సగం ధరకు చేస్తామంటారా? చేయండి. ఏమవుతుందో ముందే చెప్పి ఉంచుతాను. 1,200 ఫేషియల్‌లో ఒక్కసారికి వాడే కిట్ 250 అనుకోండి. చేసిన అమ్మాయికి బిల్లు మీద పదిహేను శాతం ఇన్సెంటివ్, అంటే 180. మీకు మిగిలేది 770, అద్దె, కరెంటు, జీతాలు అందులోంచే పోవాలి. ఇప్పుడు ధర 600 చేశారు. కిట్ ఖర్చు సగం కాదు, అదే 250. అమ్మాయి ఇన్సెంటివ్ మాత్రం సగమై 90 అయింది. మీకు మిగిలింది 260. అంటే మామూలు రోజు ఒక ఫేషియల్‌తో వచ్చేది రావాలంటే ఆ రోజు మూడు చేయాలి. గంట పని మూడు గంటలైంది. ఇన్సెంటివ్ లెక్కన చూస్తే, రెండు ఫేషియల్స్ చేస్తే గానీ ఆ అమ్మాయికి మామూలు రోజు ఒకదానికి వచ్చే డబ్బు రాదు. మహిళా దినోత్సవం డిస్కౌంటులో కొంత భాగం ఒక మహిళ జేబులోంచే ఇచ్చామన్నమాట. ఫ్లెక్సీ మీద ఇది రాయడానికి చోటుండదు.

మూడు గంటలు ఎక్కడినుంచి తేవాలి? గంట ఫేషియల్‌ను ఇరవై ఐదు నిమిషాల్లో ముగించాలి. క్లెన్సింగ్ ఒకసారి తుడిచి సరి, స్క్రబ్ రెండు తిప్పులు, ఆవిరి పేరుకు, మసాజ్ ఐదు నిమిషాలు, ప్యాక్ ఆరకముందే స్పాంజితో లాగేయడం. కిట్ ఒకటి ఇద్దరికి సర్దడం కూడా కొందరికి వచ్చిన విద్య. రోజూ వచ్చే ఆవిడకు మాత్రం మెడ మీద చేతులు ఎంతసేపు తిరుగుతాయో లెక్క తెలుసు. కళ్లు మూసుకునే ఉంటుంది గానీ తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఈ పార్లరులో ఫేషియలంటే ఇంతే కాబోలనుకుంటారు. 600కే ఇలా ఉంటే 1,200 ఎందుకు పెడతారు? ఇక రారు.

షరతుల సంగతి. "50 శాతం వరకు" అన్నదాంట్లో "వరకు" అన్న మాటను చీమంత చేయండి. పక్కన చుక్క గుర్తు పెట్టి, కింద ఇంగ్లిషులో రాయించండి: మూడువేల బిల్లు దాటితేనే, కెరాటిన్‌కు వర్తించదు, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట మధ్యే అని. ఫ్లెక్సీ తెలుగులో, షరతులు ఇంగ్లిషులో. దీనికి అడ్డుపడేవాళ్లు కొందరుంటారు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చిందని, ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు ఆ భాషలోనే రాయాలని, పైన చెప్పినదాన్ని కింద గీత కొట్టేయకూడదని వాదిస్తారు. అదంతా నిజమే. మీ వీధిలో ఎవరు చూస్తారన్న ధైర్యంతోనే కదా మనం వ్యాపారం చేసేది.

కుర్చీలో కూర్చోబెట్టాక ఏం మాట్లాడాలో కూడా చెప్పాలి. ఇది మీ అమ్మాయిలకు వారం ముందే నేర్పండి. మనిషిని పొగడాలంటే ముందు ఆమె ముఖంలో లోపాలు చూపాలి. ఒక దృశ్యం చెబుతాను. స్కూలు నుంచి నేరుగా వచ్చిన టీచరు ఒకావిడ, చేతిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట, ఐబ్రోస్ మాత్రమే చేయించుకుని వెళ్లిపోవాలని కూర్చుంది. దారం పట్టిన అమ్మాయి, "నుదురు గట్టిగా లాగి పట్టుకోండి మేడమ్" అని, ఆవిడ రెండు చేతులూ ముఖం మీదే ఇరుక్కుపోయాక మొదలుపెట్టింది. "టాన్ బాగా పట్టేసింది మేడమ్. ముక్కు పక్కన బ్లాక్‌హెడ్స్ చూశారా? అప్పర్ లిప్ కూడా చేసేయనా? ఈ పిగ్మెంటేషన్ ఇప్పుడే పట్టించుకోకపోతే తర్వాత కష్టం. ఈ రోజు మీ డే కదా, డీటాన్ మీద ఆఫరుంది." పది నిమిషాల పనిలో నాలుగు లోపాలు. టీచరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దారం వల్లే అనుకుందాం. ఆవిడ ఐబ్రోస్ డబ్బులిచ్చి కాగితాల కట్ట తీసుకుని వెళ్లిపోయింది. డీటాన్ చేయించుకోలేదు. మరోసారి ఐబ్రోస్‌కి కూడా రాలేదు. అయినా ఈ పద్ధతి వదలొద్దు. వందలో ఒకరు భయపడి ఒప్పుకుంటారు, ఆ ఒక్కరి బిల్లు మనకు కనిపిస్తుంది. రాకుండా పోయినవాళ్ల బిల్లు కనిపించదు.

అదే రోజు "హెయిర్ కలర్ సగం ధరకే, నేరుగా రండి" అని కూడా పెట్టుకోవచ్చు. తలకు వేసే రంగుల పెట్టెల మీద, వాడటానికి 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొద్దిగా రాసి పరీక్షించుకోమని రాసి ఉంటుంది. ముదురు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. ఇన్నేళ్లూ పడినవాళ్లకు కూడా ఒకనాడు పడకపోవచ్చు. కానీ ఆఫరు ఒక్కరోజే అయినప్పుడు 48 గంటలు ఎక్కడినుంచి వస్తాయి? టెస్టు చేయాలంటే ఆరో తారీఖునే ఆవిడను ఒకసారి పిలిపించాలి. అందుకని వదిలేయండి. ఇందులో మనకు కలిసొచ్చే అంశం ఒకటుంది. పడకపోతే చాలావరకు అప్పటికప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజులకు తల దురద, చెవుల దగ్గర ఎర్రబడడం, కనురెప్పల వాపు మొదలవుతాయి. అప్పటికి తారీఖు పదో పదకొండో అయి, ఫ్లెక్సీ కూడా దింపేసి ఉంటాం.

ఫొటోల గురించి రెండు మాటలు చాలు. ముఖాన ప్యాక్, తలకు రేకు కాగితాలు పెట్టుకుని కళ్లు మూసుకున్నప్పుడే తీయండి, అప్పుడు ఎవరూ అడ్డుచెప్పరు. "మా శక్తిస్వరూపిణులు" అని స్టేటస్‌లో పెట్టండి.

మీ అమ్మాయిలకు మార్చి 8న వారపు సెలవు ఉంటే రద్దు చేయండి. పొద్దున్న తొమ్మిదికి రమ్మని, రాత్రి పదింటికి తలుపు వేశాక ఒక కేకు కోయించండి. తలా ఒక గులాబీ. కాళ్లు లాగుతున్నాయని ఎవరైనా అంటే పెడిక్యూర్ టబ్బు చూపించి జోకు వేయండి. ఆ రాత్రి పూట ఆటో దొరక్కపోతే ఎలా వెళ్లాలన్నది కేకు ఫొటోలో పడదు.

ఇప్పుడు, నా సలహా వినకుండా ఒక పార్లరు ఏం చేసిందో చెప్పక తప్పదు. మీరు అలా చేయకుండా ఉండడానికే చెబుతున్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఒకావిడ నాలుగు కుర్చీల పార్లరు నడుపుతోంది అనుకోండి. పేరెందుకు, నాలుగో లైను ఆవిడ అందాం. జనవరి నుంచే ఆవిడ కౌంటరు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. అందులో రాసినవి పొగడ్తలు కావు, కస్టమర్లు గొణుక్కుంటూ వెళ్లిన మాటలు. అపాయింట్‌మెంటు ఐదింటికని చెప్పి ఐదుంబావు దాటినా కూర్చోబెట్టలేదు. జుట్టు పొడవని రంగు అంతా వేశాక ఇంకో ఆరువందలు అడిగారు. అడక్కుండానే ముఖంలో లోపాలు చెప్పారు. పదింటికి తెరిస్తే మేం ఎలా రావాలి, ఎనిమిదికే డ్యూటీ. ఈ నాలుగే మళ్లీ మళ్లీ వచ్చాయట.

మార్చి ఒకటో తారీఖున ఆవిడ పెట్టిన బోర్డు చూసి నాకు జాలేసింది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు. "ఈ నెలంతా పొద్దున్న ఆరున్నరకే తెరుస్తాం, అపాయింట్‌మెంటు ఉన్నవాళ్లకు. రేట్లు మామూలే. కుర్చీలో కూర్చోకముందే మొత్తం బిల్లు చెబుతాం. పావుగంట కన్నా ఎక్కువ కాచుకోవాల్సి వస్తే ఆ పనికి డబ్బు తీసుకోం." అంతే. శక్తి లేదు, పువ్వు లేదు, శాతం గుర్తు కూడా లేదు. మహిళా దినోత్సవం అన్న మాట కాగితం అడుగున చిన్నగా, తారీఖు రాసినట్టు రాసి ఉంది. ఇదేం ఆఫరండీ అని అడిగితే, "వాళ్లు అడిగిందే కదండీ" అంది.

ఇద్దరు అమ్మాయిలను ఆరున్నరకు రమ్మని, మూడున్నరకు పంపించేసింది. మిగతా ఇద్దరూ మధ్యాహ్నం నుంచి. అదనపు గంటలు ఎవరి మీదా పడలేదు. పొద్దున్న ఏ పని కుదురుతుందో కూడా రాసిపెట్టింది. ఐబ్రోస్ పది నిమిషాలు, క్లీనప్ నలభై. రూట్ టచప్‌కు దాదాపు గంటన్నర పడుతుంది కనుక దానికి ఆరున్నర అపాయింట్‌మెంటు ఒక్కటే, అదీ ముందే ప్యాచ్ టెస్టు చేయించుకున్నవాళ్లకే. టెస్టు కోసం అంతకుముందు ఐబ్రోస్‌కి వచ్చినప్పుడే చెవి వెనక చుక్క పెట్టి పంపేది. అద్దం పక్కన గోడ మీద కొలత టేపు అతికించింది. భుజాల దాకా ఇంత, నడుము దాకా ఇంత అని పక్కనే రేట్లు. జుట్టు అక్కడ పెట్టి చూసుకుంటే బిల్లు ఎవరికి వారికే తెలుస్తుంది.

కౌంటరులో చిన్న కార్డు ఇచ్చేది. మూడు గడులు: కబుర్లు చెప్పొచ్చు, మాట్లాడకుండా చేయండి, అడిగితేనే సలహా చెప్పండి. టిక్ పెట్టి అమ్మాయి చేతికిస్తే సరి. మొదటి రెండు మూడు రోజులు బ్యూటీషియన్లకు ఇబ్బంది అయిందట. ఖాళీగా ఉన్న నోరు ఏం చేయాలో తెలియక రేడియో పెట్టమన్నారు. తర్వాత తెలిసిందేమిటంటే ఎక్కువమంది మూడో గడిలోనే టిక్ పెట్టారు. అంటే సలహా అక్కర్లేదని కాదు, తామే అడుగుతామని. వాళ్లు నిజంగానే అడిగారు. అలా అడిగినవాళ్లకు చెప్పిన పనులు చాలావరకు కుదిరాయి కూడా.

గోడకు ఒక బోర్డు. కస్టమర్లలో ఇష్టపడినవాళ్ల విజిటింగ్ కార్డులు. బ్లౌజులు కుట్టే ఆవిడ, లెక్కలు ట్యూషన్ చెప్పే ఆవిడ, ఎల్ఐసీ ఏజెంటు, వకీలు, పిండివంటలు ఆర్డరు మీద చేసే అత్తాకోడళ్లు. ఎవరి కార్డు వాళ్లే ఇచ్చి, వాళ్లే పిన్ను గుచ్చారు. కింద ప్రశంసా వాక్యం లేదు. నేనైతే "ధీరవనితలు" అని హెడ్డింగు పెట్టించేవాణ్ని. వచ్చినవాళ్లు కాచుకునే పది నిమిషాల్లో ఫోను నంబర్లు రాసుకుపోయారు.

ఎనిమిదో తారీఖున మధ్యాహ్నం రెండింటికి తలుపు వేసేసింది, అమ్మాయిలకు పూర్తి జీతం ఇచ్చి. ఊళ్లో పార్లరులన్నీ కిక్కిరిసి ఉన్న రోజు. వ్యాపారం తెలిసినవాళ్లు చేసే పనేనా ఇది?

న్యాయంగా లోపాలు కూడా చెప్పాలి. ఆవిడ పద్ధతికి గుంపులు రావు. కొత్తగా పెట్టిన పార్లరుకు ఇది కుదరదు, నోటుపుస్తకం నిండాలంటే ముందు పాత కస్టమర్లుండాలి. పావుగంట మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ రోజుకు కొన్ని అపాయింట్‌మెంట్లు వదులుకోవాల్సి వచ్చింది, కొన్నిసార్లు ఊరికే కూడా పని చేసిచ్చింది. మార్చి 8 ఒక్కరోజు గల్లా చూస్తే నా సలహా విన్న పార్లరే గెలిచింది.

ఆవిడ గల్లా కాదు, తారీఖులు చూసింది. ఐబ్రోస్ చేయించుకున్నవాళ్లు ఇరవై రోజుల్లో మళ్లీ రావాలి, రూట్ టచప్ వాళ్లు ఆరు వారాల్లోపు. మార్చిలో కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, మే పదిహేను దాకా ఎవరు తిరిగొచ్చారో టిక్ పెట్టుకుంటూ పోయింది. మీరు మాత్రం ఆ పని చేయకండి. సగం ధరకు వచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కుల కోసం వెతుక్కుంటే మనసు పాడవుతుంది. ఆవిడ మాత్రం ఏప్రిల్‌లో కూడా ఆరున్నర టైము తీసేయలేదు.

మీలో ఎవరైనా ఆవిడ దారి పట్టేటట్టయితే నన్ను పిలవకండి. నా సలహాలు పాటించే పార్లరులు ఇంకా చాలానే ఉన్నాయి, వచ్చే ఏడాదికి అప్పుడే అడ్వాన్సులు ఇస్తున్నాయి.